బిగువు బోర్లు, వదులు బోర్లు: సరుకు తిప్పి పంపే ఉత్తరం

నేను తనిఖీ విభాగంలో చేరిన కొత్తలో ఒక సప్లయర్‌కి రాసిన మొదటి ఉత్తరం ఒకటే వాక్యం. ‘మీరు పంపిన సరుకు నాణ్యత బాగోలేదు, వెంటనే మార్చి పంపగలరు.’ మర్నాడు ఆయన ఫోన్ చేసి, ‘ఏది బాగోలేదండీ? ఎన్ని బాగోలేదు? వెంటనే అంటే ఎప్పుడు?’ అని అడిగారు. మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ సరుకు మారడానికి నెలా పదిహేను రోజులు పట్టింది. తప్పులో సగం ఆయనది, సగం నా ఉత్తరానిది.

అలాంటి ఉత్తరం ఎలా ఉండాలో చెప్పడానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. బాలానగర్‌లో పంపులు బిగించే చిన్న కంపెనీ ఒకటి, చర్లపల్లిలోని లేత్ షాపుకి వెయ్యి స్టీలు బుష్‌లు ఆర్డర్ ఇచ్చింది. బుష్ అంటే షాఫ్టు చుట్టూ కూర్చునే చిన్న గొట్టం ముక్క. డ్రాయింగ్ ప్రకారం దాని బోరు, అంటే లోపలి రంధ్రం, 20.000 నుంచి 20.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేని తేడా. జూన్ 3న సరుకు గేటు లోపలికి వచ్చింది.

వెయ్యీ కొలవరు. మన దేశంలో ఇందుకు ఐఎస్ 2500 అనే ప్రమాణం ఉంది. వెయ్యి ముక్కల లాట్‌కి మామూలు తనిఖీలో 80 ముక్కలు ఏరి చూస్తారు. ఒక శాతం నాణ్యతా పరిమితి ఒప్పుకుని ఉంటే, ఆ 80లో రెండు వరకు చెడ్డవి ఉన్నా లాట్ పాస్. మూడు దొరికితే ఫెయిల్. ఈ పరిమితి పర్చేజ్ ఆర్డర్‌లో ముందే రాసి ఉండాలి. సరుకు వచ్చాక పెట్టే రూలు రూలు కాదు, తగాదా.

మన లాట్‌లో తొమ్మిది చెడ్డవి దొరికాయి. చూసింది ప్లగ్ గేజ్‌తో. దానికి రెండు కొసలు. ‘గో’ కొస ప్రతి బోరులోనూ దూరాలి, ‘నో గో’ కొస దేంట్లోనూ దూరకూడదు. ఏడింటిలో ‘గో’ దూరలేదు, అంటే బోరు బిగువు. రెండింటిలో ‘నో గో’ కూడా దూరిపోయింది, అంటే బోరు వదులు. తనిఖీ రిపోర్టుల్లో చాలావాటిలో ఈ రెండూ కలిపి ‘9 రిజెక్ట్’ అని రాసేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు అదే. బిగువు బోరుని రీమర్‌తోనో హోనింగ్‌తోనో ఇంకో నాలుగు మైక్రాన్లు గీకి సరిచేయొచ్చు. వదులు బోరులో పోయిన లోహాన్ని తిరిగి పెట్టలేం, అది తుక్కు. ఒకటి రీవర్క్, ఒకటి కొత్త ముక్క. ఖర్చు వేరు, పట్టే రోజులు వేరు.

కారణం కూడా ఈ విభజనలోనే దొరుకుతుంది. కోసే ఇన్‌సర్ట్ అరిగేకొద్దీ బోరు చిన్నదవుతుంది. ఆ అరుగుదలకి తగ్గట్టు మెషీన్‌లో ఆఫ్‌సెట్ పెంచుకుంటూ పోయి, కొత్త ఇన్‌సర్ట్ వేశాక ఆఫ్‌సెట్ వెనక్కి తీయడం మరిస్తే బోరు పెద్దదవుతుంది. ఇంకొకటి, లేత్ మీంచి వేడిగా దిగిన ముక్కను అప్పుడే కొలవడం. గదికన్నా 40 డిగ్రీలు వేడిగా ఉంటే 20 మిల్లీమీటర్ల స్టీలు బోరు దాదాపు తొమ్మిది మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడ పాసైన ముక్క చల్లారాక మన దగ్గర బిగువవుతుంది. ‘మా దగ్గర సరిగ్గానే ఉందండీ’ అని సప్లయర్ అన్నప్పుడు ప్రతిసారీ అబద్ధం చెబుతున్నట్టు కాదు.

ముందు ఫోన్ చేయాలి, అది మర్యాద. కానీ ఫోన్‌తో ఆగితే చిక్కే. సూక్ష్మ, చిన్న పరిశ్రమల సప్లయర్ల విషయంలో 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఒక గడియారం పెట్టింది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే అంగీకరించినట్టు లెక్క. రాసి చెబితే, సప్లయర్ ఆ లోపం తొలగించిన రోజే అంగీకార దినం. మన ఉదాహరణలో ఆఖరి రోజు జూన్ 18. ఉత్తరం 5నే వెళ్లింది. ఇలా:

‘అయ్యా, జూన్ 3న మీ ఇన్‌వాయిస్ మీద అందిన 1,000 బుష్‌ల లాట్ తనిఖీలో నెగ్గలేదు. పరీక్షించిన 80లో 7 బోర్లు బిగువు, 2 వదులు. ఒప్పుకున్న పరిమితి 2. వాడిన గేజ్ నంబరు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్, గుర్తు పెట్టిన ముక్కల ఫొటోలు జతచేశాం. లాట్ మొత్తం వాడకుండా పక్కన పెట్టాం. 7వ తేదీలోగా మీ మనిషిని పంపి మా గేజ్‌తో అన్నీ ఏరించండి. బిగువు ముక్కలు మీ ఖర్చుతో మీ షాపులోనే ఒక్కసారి రీవర్క్ చేయవచ్చు. చల్లారాక ప్రతి ముక్కా గేజ్‌తో చూసి, “రీవర్క్” అని రాసిన వేరే పెట్టెలో పంపాలి. వదులు ముక్కలకు లోపల తొడుగు వేయడం వంటి మరమ్మతు ఒప్పుకోం, కొత్తవి ఇవ్వాలి. రానుపోను రవాణా మీది. అన్నీ జూన్ 14 సాయంత్రం 5 గంటలకు మా గేటు చేరాలి. వీలుకాకపోతే 7వ తేదీకే తెలపండి.’

కోపం ఎక్కడా లేదు. పక్కన పెట్టాం అన్న మాట ఊరికే రాసింది కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకు మనదే అన్నట్టు వాడేస్తే అంగీకరించినట్టే. ‘అర్జెంటు కదా, బాగున్న ఓ రెండు వందలు బిగించేద్దాం’ అని షాప్ ఫ్లోర్ వాళ్లు అంటారు. అలా బిగిస్తే మొత్తం లాట్ తిప్పి పంపే హక్కే పోవచ్చు, నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. తప్పనిసరైతే ఎన్ని వాడుతున్నామో, మిగతావి ఎందుకు వద్దంటున్నామో రాసి సప్లయర్ ఒప్పుదల తీసుకున్నాకే ముట్టుకోవాలి.

14 అనే తేదీ గాల్లోంచి రాలేదు. పంపుల బిగింపు 18న. తిరిగొచ్చిన వాటి తనిఖీకి ఒక రోజు, మళ్లీ ఫెయిలైతే సర్దుకోవడానికి మూడు రోజులు వెనక్కి లెక్కేసి పెట్టింది. అవతల మెషీన్ ఎప్పుడు ఖాళీయో ఫోన్‌లో అడిగాకే రాసింది. గడువు దాటితే బయట కొని తేడా వసూలు చేస్తాం అన్న షరతు ఆర్డర్‌లో ఉంటే ఇక్కడ గుర్తు చేయవచ్చు. లేనిదాన్ని ఉత్తరంలో కొత్తగా చేర్చి బెదిరిస్తే చెల్లుతుందనుకోవద్దు.

ఏరితే 91 బిగువు, 22 వదులు తేలాయి. రీవర్క్‌లో ఆరు బోర్లు గీతలు పడి పోయాయి. ఇది మామూలే, అందుకే కొత్త ముక్కలు కోసేటప్పుడు నాలుగు ఎక్కువే కోయమని ముందే చెప్పడం మంచిది. 14 మధ్యాహ్నం 85 రీవర్క్ ముక్కలు, 28 కొత్తవి వచ్చాయి. ఈసారి శాంపిల్ కాదు, 113 ముక్కలూ చూశారు. అన్నీ పాస్.

అభ్యంతరం తీరింది కనుక అంగీకార దినం జూన్ 14. ఆర్డర్‌లో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. అంటే జూలై 29లోగా చర్లపల్లి షాపుకి డబ్బు చేరాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాల్సింది బాలానగర్ కంపెనీయే.