బండి నంబరు అడగాలంటే

"మీకు బండ్లెన్ని? మీవాళ్లు ఎక్కడుంటారు?" అని ఓనరు అడిగితే అద్దెకున్నవాళ్లకు ఆరా తీస్తున్నట్టే ఉంటుంది. కారణం ముందు చెబితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోనైతే వాట్సాప్‌లో ఇలా పంపవచ్చు:

"నమస్కారమండీ. సెల్లార్‌లో మోటారు రిపేరుంది. ఏ బండి ఎవరిదో వాచ్‌మన్‌కు తెలియడం లేదు. మీ కారు, స్కూటర్ నంబర్లు పంపగలరా? అత్యవసరమైతే ఫోన్ చేయడానికి ఒకరి పేరు, నంబరు కూడా. అసోసియేషన్ రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా రాయం. ఆదివారంలోగా పంపితే చాలు."

ఆ ఒకరు అదే ఫ్లాట్‌లో ఉండేవారు కాకపోతే మంచిది. లోపల గ్యాస్ లీకైతే ఫోనెత్తేవారు బయట ఉండాలి కదా. వాళ్ల అడ్రసు, ఉద్యోగం అడగనక్కర్లేదు. ఆధార్ అసలే వద్దు, అది అగ్రిమెంటప్పటి సంగతి. జవాబు గ్రూపులో కాకుండా విడిగా పంపమనాలి. బండి అమ్మేశాక పాత నంబరు కొట్టేయించడం మాత్రం చాలామంది మరిచిపోతారు.