పన్నెండు పేజీల్లో పేరు లేని మనిషి

వరంగల్ వైపు ఒక ఊళ్లో నెలకోసారి చిన్న పత్రిక వస్తుంది. ఏ3 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, అంతే. జిరాక్సు, డీటీపీ షాపు నడిపే నలభై ఏళ్ల మనిషే దానికి సంపాదకుడు, విలేకరి, కంపోజిటరు. ఎరువుల దుకాణం ప్రకటన, పెళ్లిళ్లు, చావులు, కరెంటు కోతల కబుర్లు పోగా ఒక వ్యాసానికి మిగిలేది 450 మాటల చోటు. ఆ చోటుకు ఊరి పాత టీచరు, ఎనభై దాటిన పెద్దాయన, పన్నెండు ఠావులు నింపి పంపారు. శీర్షిక ‘మా ఊరి పెద్దచెరువు చరిత్ర’. టైపు చేస్తే 2,600 మాటలు తేలాయి.

సంపాదకుడు చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నాడు. సారు రాతను కోయడానికి చెయ్యి ఆడదు. అయినా పని మొదలుపెట్టాడు. ముందు కలం పట్టకుండా ఒకసారి చదివాడు. రెండోసారి ప్రతి పేరా పక్కన అందులో ఏముందో ఒక్క మాటలో రాసుకున్నాడు. కాకతీయులు. నిజాం. బతుకమ్మ. చేపల వేలం. మత్తడి. పటేళ్లు. 2015లో పూడిక. ఇలా అంచు మీద రాసుకుంటే ఎక్కడ తిరిగిన చోటే తిరుగుతున్నామో కనబడుతుంది. అవి కొట్టేయడం తేలిక.

కాకతీయుల పేరాలు మొదట పోయాయి. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల గురించి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. పైగా సారు రాసింది పుస్తకాల్లో ఉన్నదే. తర్వాత సర్పంచుల జాబితా, బతుకమ్మ వర్ణన, నిజాం కాలపు పన్నులు. మిషన్ కాకతీయ కింద పూడిక తీసి ఆ మట్టిని చేలకు తోలుకున్న సంగతి ఊరంతా కళ్లారా చూసిందే, అదీ పోయింది. 2,600 కాస్తా 700కు దిగింది. అక్కడ చిక్కు వచ్చింది.

మిగిలిన ముక్కల్లో ‘అతను’ అనే మనిషి ఒకడు తిరుగుతున్నాడు. అతను తెల్లారకముందే తూము దగ్గరికి పోయేవాడు. అతను ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి కర్ర బిరడా తీసేవాడు. చెరువులోకి నీళ్లు తెచ్చే పాటు కాలువలో కంపా, ఇసుకా తీసేది అతనే. ఎవరీ అతను? ఆయన్ను పరిచయం చేసిన పేరాను తానే కొట్టేసి ఉంటాననుకుని సంపాదకుడు పాత కాగితాలు తిరగేశాడు. పన్నెండు ఠావుల్లో ఎక్కడా ఆ పేరా లేదు. పటేళ్లకు ఇంటిపేర్లతో సహా పేర్లున్నాయి, చేపల కాంట్రాక్టరుకు పేరుంది, ఎద్దులకు కూడా పేర్లున్నాయి. నీరటికి లేదు.

గొలుసుకట్టు చెరువుల కింద నీరటి పని ఏమిటో ఈ కాలపు పాఠకుడికి కొంచెం చెప్పాలి. తూము ఎప్పుడు ఎంత తెరవాలి, ఏ మడికి ఎన్ని గడియలు పారాలి, గట్టు ఎక్కడ కారుతోంది, ఇవన్నీ చూసే మనిషి నీరటి. వానకాలంలో చెరువు నిండి మత్తడి దుంకితే పేచీ ఉండదు. యాసంగిలో నీళ్లు సగమే ఉన్నప్పుడే అసలు పరీక్ష. ఆయకట్టులో ఎంత మేర నాటాలో రైతులంతా కూర్చుని ముందే తేల్చుకునేవారు, దాన్నే తైబందీ అంటారు. తేల్చుకున్నదాన్ని చేల మీద అమలు చేసేది నీరటి ఒక్కడే. తూము దగ్గరి పెద్ద రైతును ఆపి, చివరి మడి బీద రైతుకు నీళ్లు తీసుకుపోవాలంటే ఎంత నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు. దానికి జీతం లేదు. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ప్రతి రైతూ తన వంతు ‘మేర’ ఇచ్చేవాడు, అదే అతని తిండి.

ఈ సంగతి పట్టుకుని సంపాదకుడు మూడోసారి చదివాడు. ఈసారి అంచు మీద విషయం కాదు, అతను ఉన్న చోటల్లా గీత పెట్టాడు. చేపల పేరాలో ఉన్నాడు, బతుకమ్మ పేరాలో కట్ట మీద నిలబడి ఉన్నాడు. కాకతీయుల పేరా చివర్లో కూడా, ‘ఇంత పెద్ద గట్టును కాపాడింది మాత్రం అతనే’ అన్న వాక్యం ఉంది. రాజులతో పాటు దాన్నీ కొట్టేశాడు. ఇక తొమ్మిదో ఠావు మధ్యలో, బోరుబావుల గురించి రాస్తూ సారు ఇలా రాశారు: బోర్లు వచ్చాక తూము నీళ్ల అవసరం తగ్గింది, మేర ఇవ్వడం మానేశారు, ఒక ఏడు అతను కల్లం కల్లం తిరిగి ఖాళీ సంచితో పోయాడు. ఆ వెంటనే, కొత్త పేరా కూడా లేకుండా, చేపపిల్లల ధరలు.

పెద్దవాళ్లు పొడుగ్గా రాసిన ప్రతిదాని వెనకా ఏదో దాగి ఉంటుందనుకోకూడదు. చాలాసార్లు అది ఉత్త పొడుగే. కానీ రాసినాయన ఏ అంశం ఎత్తినా ఒకే మనిషి దగ్గరికి వచ్చి, పేరు చెప్పకుండా పక్కకు తప్పుకుంటున్నాడంటే మాత్రం ఆగి అడగాలి. ఊహించుకుని తానే ముగింపు రాసేయడం సంపాదకుడి పని కాదు. అందుకే అతను ప్రింటు తీసుకుని సారు ఇంటికి పోయాడు.

“సార్, నీరటాయన పేరేంది?”

పెద్దాయన వెంటనే చెప్పలేదు. “రాయకుంటే ఏమైతది బిడ్డా?” అన్నారు.

“పటేళ్ల పేర్లు తీసేసిన సార్. ఈయన పేరు పెడ్దామని.”

అప్పుడు చెప్పారు. పేరు చెప్పాక మిగతాదీ వచ్చింది. సారు వాళ్లది తూము పక్కనే ఆరెకరాలు. ఊళ్లో మొదటి బోరు వేసింది వాళ్ల నాయన. ఇక తూము నీళ్లు వాడట్లేదు కాబట్టి మేర ఇయ్యమని మొదట అన్నదీ ఆయనే. పెద్ద రైతు ఆపితే మిగతావాళ్లకు సాకు దొరికింది. రెండేళ్లకు నీరటి కుటుంబం పట్నం పోయింది. పాటు కాలువను పట్టించుకునేవాళ్లు లేరు, ఇసుక మేట వేసింది, ఒకచోట చదును చేసి ఇళ్లు కూడా లేచాయి. పూడిక తీసి లోతు పెంచినా చెరువు నిండకపోవడానికి కారణం అదేనని సారు లెక్క. భూగర్భంలోకి ఇంకే నీరు తగ్గి చివరికి వాళ్ల బోరూ ఎండింది.

చరిత్ర అని పేరు పెట్టిన వ్యాసం నిజానికి కొలిచి ఇవ్వని వడ్ల గురించి.

సంపాదకుడు అక్కడే కూర్చుని మళ్లీ అమర్చాడు. మొదటి వాక్యం నీరటి పేరుతో, తూములో మునగడంతో. తర్వాత తైబందీ, ఆ తర్వాత కల్లం, బోరు, ఖాళీ సంచి, పాటు కాలువ. కొత్తగా తన మాట ఒక్కటీ చేర్చలేదు. వాక్యాలన్నీ సారువే, వరస మాత్రమే మారింది. చదివి వినిపిస్తే పెద్దాయన రెండే దిద్దుబాట్లు చేశారు. ఎకరానికి ఎంత మేర ఇచ్చేవాళ్లో లేకపోతే చదివినవాళ్లకు అది ఎంత చిన్న సంగతో తెలియదని, ‘రెండు కుంచాలు’ అని చేర్చమన్నారు. ‘మానేశారు’ అన్నచోట తనే కలం తీసుకుని ‘మానేశాం’ అని దిద్దారు. నాయన పేరు వేయాలా అని అడిగితే, “వెయ్యి. మా ఇంటిపేరుతోటే వెయ్యి” అన్నారు.

తేలింది 610 మాటలు. చోటు 450కే. బతుకమ్మ పాటలు, చేపల వేలం మరో నెలకు విడి వ్యాసాలవుతాయని పక్కన పెట్టాడు. అయినా 160 మాటలు ఎక్కువే. వాటిలో ఏదీ కోయబుద్ధి కాలేదు. ఆ నెల ఎరువుల దుకాణం ప్రకటన ఆపేశాడు. దుకాణాయన డబ్బులు వాపసు అడిగాడు, ఇచ్చేశాడు.