రెండో చేతికీ సూది ఎందుకు?

జ్వరంతో ఆస్పత్రిలో చేరిన మనిషికి డాక్టరు బ్లడ్ కల్చర్ రాస్తే, పక్కనున్న బంధువులకు ముందు దిగులు పుట్టేది తీసే రక్తాన్ని చూసి. ఒక చేతి నుంచి 20 మిల్లీలీటర్ల దాకా తీసి రెండు సీసాల్లోకి ఎక్కిస్తారు. అది చాలదన్నట్టు రెండో చేతికీ గుచ్చుతారు. ‘‘ఇప్పుడేగా తీశారు సిస్టర్, మళ్లీ ఎందుకు?’’ అని అడగనివారు అరుదు. మొహమాటానికో, పని ఒత్తిడికో సిబ్బంది ఒక్క సీసాతో సరిపెట్టేయడమూ ఉంది. రిపోర్టులో ఏదో క్రిమి పెరిగిందని వచ్చినప్పుడు గానీ ఆ లోటు తెలియదు.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న పెద్దవాళ్లలో కూడా చాలాసార్లు మిల్లీలీటరుకు ఒక్క బాక్టీరియా ఉండటం కూడా గగనమే. అందుకే సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు కావాలి. పిల్లలకైతే బరువును బట్టి తక్కువ తీస్తారు. జతలో ఒక సీసా ఆక్సిజన్ కావలసిన క్రిములకు, రెండోది ఆక్సిజన్ లేకుండా పెరిగేవాటికి. లోపలి పోషక ద్రవంలో క్రిములు పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మెషీన్ కొద్ది నిమిషాలకోసారి దాన్ని కనిపెడుతూ, మామూలుగా 5 రోజులు కాపలా కాస్తుంది.

ఆ మెషీన్‌కు తెలియనిది ఒక్కటే. పెరిగిన క్రిమి రక్తంలోదా, చర్మం మీదిదా అన్నది. సూది చర్మాన్ని దాటే లోపలికి వెళ్లాలి. చర్మం మీద స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బాక్టీరియా ఎప్పుడూ కాపురం ఉంటాయి. స్పిరిట్‌లో కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌తో అర నిమిషం రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి గుచ్చితే వాటి బెడద చాలావరకు తగ్గుతుంది. తప్పు ఎక్కువగా జరిగేది ఆరే దాకా ఆగకపోవడంలోనూ, నరం దొరకలేదని తుడిచిన చోటే మళ్లీ వేలితో నొక్కి చూడటంలోనూ. సీసా మూత తీయగానే కనిపించే రబ్బరు బిరడా కూడా శుభ్రమైనదేమీ కాదు, దాన్నీ స్పిరిట్‌తో తుడవాలి. సెలైన్ కోసం ఎప్పుడో పెట్టిన క్యాన్యులా నుంచి రక్తం లాగడం రోగికి సుఖమే గానీ, ఈ పరీక్షకు చేటు.

ఒక ఉదాహరణ చూద్దాం. 58 ఏళ్ల ఆవిడకు చలిజ్వరం, మూత్రంలో మంట. రెండు చేతుల నుంచీ మొత్తం 4 సీసాలు నింపారు. దాదాపు 30 గంటలకు ఎడమచేతి సీసా ఒకటి మోగింది. మైక్రోస్కోప్‌లో ఊదారంగు గుండ్రటి బాక్టీరియా గుత్తులుగా కనిపించాయి. ల్యాబ్ వెంటనే వార్డుకు ఫోన్ చేసింది. ఈ దశలో ఎవరూ తేల్చి చెప్పలేరు, ఎందుకంటే ప్రాణం తీయగల స్టెఫైలోకాకస్ ఆరియస్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. తర్వాతి పరీక్షల్లో అది ఎపిడెర్మిడిస్ అని తేలింది. మిగతా 3 సీసాల్లో ఏమీ పెరగలేదు. మూత్రంలో మాత్రం ఈ-కోలై పెరిగింది. రక్తంలో కనిపించింది చర్మం నుంచి వచ్చిందేనని, దానికి మందు అక్కర్లేదని డాక్టరు నిర్ణయించారు.

ఆ ఒక్క సీసాలో పెరిగింది ఆరియస్సో ఈ-కోలైయో అయితే తీర్పు వేరు. అవి, అలాగే క్లెబ్సియెల్లా, క్యాండిడా ఫంగస్ ఒక్క సీసాలో కనిపించినా నిజమైన ఇన్‌ఫెక్షన్‌గానే చూస్తారు. నిజమైనవి ఎక్కువగా మొదటి 24 గంటల్లోపే బయటపడతాయి, చర్మంవి ఆలస్యం చేస్తాయి. అయితే గంటలు లెక్కపెట్టి మాత్రమే తేల్చేయకూడదు.

ఎపిడెర్మిడిస్ కూడా ఎప్పుడూ అమాయకురాలు కాదు. మెడలో డయాలిసిస్ గొట్టం ఉన్న మనిషికి, మెషీన్‌కు కలపగానే వణుకుతో జ్వరం వచ్చిందనుకోండి. గొట్టం నుంచీ చేతి నుంచీ తీసిన రక్తాల్లో రెండింట్లోనూ అదే క్రిమి పెరిగి, గొట్టం సీసా చేతి సీసాకంటే కనీసం 2 గంటలు ముందు మోగితే, క్రిమి గూడు ఆ గొట్టంలోనే ఉందని అర్థం. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లలోనూ దీన్ని తేలిగ్గా తీసిపారేయరు.

ఈ తేడా పట్టుకోవడానికి పక్కన పోల్చుకునే మరో సీసా ఉండాలి. మొదటి ఆవిడకు ఆ ఒక్క సీసాయే తీసి ఉంటే డాక్టరు భయంతో వ్యాంకోమైసిన్ మొదలుపెట్టేవారు. కిడ్నీలను దెబ్బతీసే అవకాశం ఉన్న మందు అది. దాని మోతాదు చూసే పరీక్షలు, ఆస్పత్రిలో అదనపు రోజులు, ఆ బిల్లు అన్నీ లేని జబ్బు కోసం. పైగా క్రిమి పేరు కింద ఏ మందులు పనిచేస్తాయో జాబితా కూడా అచ్చయి వస్తే, వాడకుండా ఉండటం ఏ డాక్టరుకైనా కష్టమే.

కాబట్టి రెండో చేయి అడిగినప్పుడు కాదనకండి. మెడికల్ షాపులో కొని యాంటీబయోటిక్ ఇప్పటికే మింగి ఉంటే, రక్తం తీయకముందే ఆ సంగతి చెప్పండి. ఆ మందు ఒంట్లో ఉంటే నిజమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీసాల్లో ఏమీ పెరగకపోవచ్చు.