గాలిలో ఉండిపోయిన చేయి

వేలూరులోనో గుడియాత్తంలోనో చదరంగం పోటీ జరిగితే, మొదటి ఎత్తుకు ముందు పిల్లలిద్దరూ బల్ల మీదుగా చేతులు కలుపుతారు. కొందరు చేయి ఇస్తారు గానీ, చూపు పావుల మీదే ఉంటుంది. అలాంటి పిల్లలకు మేము చెప్పే సంగతి ఒకటుంది.

2025 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ పోటీల్లో మన చెన్నై అమ్మాయి వైశాలి, ఉజ్బెకిస్తాన్ ఆటగాడు యాకుబ్బోయెవ్‌తో ఆడింది. ఆట మొదలయ్యే ముందు ఆమె చేయి చాచింది. ఆయన అందుకోకుండా కూర్చున్నాడు. ఆ వీడియో లోకమంతా తిరిగింది. ఆటలో వైశాలే గెలిచింది. ముగిశాక ఆమె మళ్లీ చేయి చాచలేదు.

మత కారణాల వల్ల పరస్త్రీలను తాకనని, అవమానించాలని కాదని ఆయన వివరించాడు. ఆ ఆచారాన్ని మేము తప్పు పట్టం. చిక్కంతా ముందుగా చెప్పకపోవడంలోనే వచ్చింది. అందరి ముందూ గాలిలో ఉండిపోయింది ఆమె చేయే కదా! తర్వాత ఆయన పువ్వులు, చాక్లెట్లు తెచ్చి వైశాలికి క్షమాపణ చెప్పాడు.

అదే పోటీల్లో రొమేనియా క్రీడాకారిణి బుల్మాగాతో ఆడాల్సిన రోజున మాత్రం ఆమెకూ, ఆర్బిటర్లకూ ముందే సంగతి చెప్పాడు. ఆమె సరేనంది. కనీసం నమస్కారమైనా పెట్టమని ఆర్బిటర్లు అన్నారు. ఆయన చేతులు జోడించాడు.