మందం చూసి కాదు.. మార్కులు చూసి!

ఎంబీబీఎస్‌ మొదటి సంవత్సరంలో మూడు సబ్జెక్టులు: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఒక్కోదానికి రెండు థియరీ పేపర్లు, పేపర్‌కు 100 మార్కులు. అంటే మూడింటికీ సమానంగా 200. సిలబస్‌ మాత్రం సమానం కాదు. 2019 నాటి జాతీయ పాఠ్యప్రణాళికలో అనాటమీకి 675 బోధన గంటలు, ఫిజియాలజీకి 495, బయోకెమిస్ట్రీకి 250 కేటాయించారు. రివిజన్‌కూ ఇదే లెక్కన టైమ్‌ పంచితే ప్రతి 100 గంటల్లో బయోకెమిస్ట్రీకి దక్కేది 18 గంటలే. మార్కుల్లో దాని వాటా మూడో వంతు! పైగా ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు పాసవ్వాలి. అనాటమీలో ఎక్కువొచ్చిన మార్కులు బయోకెమిస్ట్రీ లోటును పూడ్చవు.

అందుకే టైమ్‌టేబుల్‌ వేసేటప్పుడు పుస్తకం మందం కాకుండా రెండే రెండు అంకెలు చూడాలి. ఆ టాపిక్‌కు వచ్చే మార్కులు ఎన్ని? అది మనకు ఎంత కష్టం? ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే ఆ టాపిక్‌ బరువు.

ఎన్ని గంటలున్నాయి?

సీతంపేట నుంచి వెళ్లి శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఉందనుకుందాం. మొదటి పేపర్‌కు ఇంకా 9 వారాలుంది. క్లాసులు, ల్యాబ్‌లు పోను వారానికి 15 గంటలు దొరుకుతాయి. చివరి వారాన్ని పాత ప్రశ్నపత్రాలు రాయడానికి పక్కన పెడితే మిగిలింది 8 వారాలు, 120 గంటలు. ఇందులో 100 గంటలకే పని పెట్టాలి. అంటే వారానికి పన్నెండున్నర గంటల చదువు, రెండున్నర గంటల ఖాళీ. జ్వరమొచ్చినా, కందికొత్తల పండక్కి ఊరెళ్లినా ఆ వారం మిగిలిన పనిని మింగేది ఈ ఖాళీయే. ఖాళీ లేకుండా వేసిన టైమ్‌టేబుల్‌ రెండో వారంలోనే వెనకబడుతుంది.

కష్టాన్ని కొలిచేదెలా?

చాలామంది ఇక్కడే తడబడతారు. ‘ఇది నాకు వచ్చులే’ అనిపించడం వేరు, పుస్తకం మూసి రాయగలగడం వేరు. సీతంపేట వైపు పెరిగినవాళ్లు సికిల్‌సెల్‌ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటారు కాబట్టి హిమోగ్లోబిన్‌ చాప్టర్‌ తేలికనిపిస్తుంది. పరీక్షలో అడిగేది వేరు. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్‌ ఆమ్లం బదులు వాలీన్‌ వస్తే ఏమవుతుంది? ఆ హిమోగ్లోబిన్‌ను ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎలా గుర్తిస్తారు? ఇవి రాయలేకపోతే పరిచయం ఉన్నా మార్కులు రావు.

కాబట్టి ఒక్కో టాపిక్‌ నుంచి పాత పేపర్లలోని 10 చిన్న ప్రశ్నలు తీసుకుని చూడకుండా రాయండి. 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే కష్టం 1. ఐదు నుంచి ఏడు వస్తే 1.5. ఐదు కన్నా తక్కువైతే 2. ఇంతకు మించి పెద్ద అంకెలు వద్దు. కష్టానికి 5 వేస్తే ఆ ఒక్క టాపికే వారాల తరబడి టైమ్‌ తినేస్తుంది.

లెక్క ఇలా..

మన విద్యార్థిని బయోకెమిస్ట్రీని ఆరు ముక్కలు చేసింది. గత ఐదేళ్ల పేపర్లు చూసి 200 మార్కుల్లో దేనికి సగటున ఎన్ని వస్తున్నాయో రాసుకుంది. ఎంజైములకు 20, కార్బోహైడ్రేట్లకు 40, లిపిడ్లకు 40, ప్రొటీన్లు-హిమోగ్లోబిన్‌కు 40, విటమిన్లు-ఖనిజాలకు 30, మాలిక్యులర్‌ బయాలజీకి 30 అనుకుందాం. టెస్టు రాశాక కార్బోహైడ్రేట్లకు కష్టం 1.5, లిపిడ్లకు 2, ప్రొటీన్లకు 2, మిగిలిన మూడింటికీ 1 పడింది. గుణిస్తే బరువులు వరసగా 20, 60, 80, 80, 30, 30. మొత్తం 300.

ఇదే పద్ధతిలో అనాటమీ బరువు 400, ఫిజియాలజీ బరువు 300 వచ్చాయనుకోండి. మూడూ కలిపి 1000. ఉన్నవి 100 గంటలు. కాబట్టి అనాటమీకి 40, ఫిజియాలజీకి 30, బయోకెమిస్ట్రీకి 30 గంటలు. బయోకెమిస్ట్రీ 18 నుంచి 30కి పెరిగింది చూశారా! ఆ 30లో లిపిడ్లకు 8, ప్రొటీన్లకు 8, కార్బోహైడ్రేట్లకు 6, విటమిన్లకు 3, మాలిక్యులర్‌ బయాలజీకి 3, ఎంజైములకు 2 గంటలు.

ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్‌ యాప్‌లోనైనా ఇది ఐదు నిమిషాల పని. టాపిక్‌ పేర్లు A కాలమ్‌లో, మార్కులు B లో, కష్టం C లో పెట్టి రెండు ఫార్ములాలు రాసి కిందికి లాగండి:

```
D2:  =B2*C2
E2:  =D2/SUM(D$2:D$7)*30
```

డాలర్‌ గుర్తు మరిచిపోతే కిందికి లాగినప్పుడు మొత్తం మారిపోయి గంటలు తప్పొస్తాయి. E కాలమ్‌ కూడితే సరిగ్గా 30 రావాలి. రాకపోతే తప్పు అక్కడే ఉంది. సిగ్నల్‌ లేని ఊళ్లోనూ పనికొచ్చేలా షీట్‌ను ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దాచుకోండి, లేదా ప్రింట్‌ తీసి గోడకు అతికించండి.

తేదీల మీద పరచడం

ఒక టాపిక్‌ గంటలన్నీ ఒకే వారంలో ఖర్చు చేస్తే పరీక్ష నాటికి సగం గుర్తుండదు. మూడు విడతలు చేయండి. లిపిడ్ల 8 గంటల్లో 4 గంటలు మొదటి వారంలో, 2 గంటలు నాలుగో వారంలో, చివరి 2 గంటలు ఎనిమిదో వారంలో. బరువు ఎక్కువున్న టాపిక్‌లను ముందు మొదలుపెడితేనే మూడు విడతలకూ చోటుంటుంది.

ఇక్కడో చిక్కుంది. అనాటమీ పేపర్లు ముందు, బయోకెమిస్ట్రీ చివర పడ్డాయనుకోండి. ‘దానికింకా టైముంది’ అని బయోకెమిస్ట్రీని వెనక్కి నెట్టడం మామూలే. పేపర్ల మధ్య దొరికే ఒకటి రెండు రోజులు మూడో విడతకు సరిపోతాయి కానీ మొదటి విడతకు చాలవు. అందుకే పేపర్‌ ఎంత చివర ఉన్నా మొదటి విడత మాత్రం తొలి నాలుగు వారాల్లోనే అయిపోవాలి. మూడో విడతను కావాలంటే ఆ మధ్య రోజుల్లోకి జరపొచ్చు.

యూనివర్సిటీ తేదీలు మారిస్తే కంగారొద్దు. G1 లో మొదటి పేపర్‌ తేదీ వేసి, మరో గడిలో ఇది రాయండి:

```
=ROUNDDOWN((G1-TODAY())/7,0)
```

ఎన్ని పూర్తి వారాలున్నాయో కనిపిస్తుంది. అందులో ఒకటి తీసేసి పన్నెండున్నరతో గుణిస్తే కొత్త మొత్తం గంటలు. వాటిని మళ్లీ బరువుల ప్రకారమే పంచాలి.

రెండు వారాలకోసారి..

టెస్టు మళ్లీ రాసి C కాలమ్‌ సరిచేయండి. లిపిడ్లలో 4 వచ్చిన చోట ఈసారి 8 వస్తే కష్టం 2 నుంచి 1కి దిగుతుంది. మిగిలిన గంటలు వాటంతటవే ఇతర టాపిక్‌లకు వెళ్తాయి. C కాలమ్‌లో దాదాపు అన్నీ 2లే కనిపిస్తే మాత్రం జాగ్రత్త. అన్నిటికీ ఒకే అంకె వేస్తే కష్టం అనే లెక్కే పోతుంది, మిగిలేది మార్కుల వాటా మాత్రమే. అప్పుడు టాపిక్‌ను ఇంకా చిన్న ముక్కలుగా విడగొట్టి టెస్టు పెట్టుకోవాలి. మొత్తం లిపిడ్లు రాకపోవడం వేరు, అందులో కొలెస్ట్రాల్‌ తయారీ ఒక్కటే రాకపోవడం వేరు.

ఈ 100 గంటలూ థియరీకే. సబ్జెక్టుకు మరో 100 మార్కులుండే ప్రాక్టికల్స్‌, వైవాలకు టైమ్‌ వేరుగా చూసుకోవాలి. నర్సింగ్‌, పారామెడికల్‌ కోర్సుల వాళ్లైనా, స్టాఫ్‌నర్స్‌ ఉద్యోగ పరీక్షకు సిద్ధమయ్యే వాళ్లైనా ఇదే షీట్‌ వాడొచ్చు. B కాలమ్‌లో మీ పరీక్ష మార్కులు, G1 లో మీ తేదీ వేసుకుంటే చాలు.