ఆయనకు పెళ్లి సందడి, ఆవిడకు కిటికీ సీటు

పెళ్లిచూపుల అరగంటలో ఎవరు మాటకారో, ఎవరు ముభావులో పట్టుకోవడం కష్టం. ఎంత గలగలలాడే పిల్లయినా ఆ కాసేపు ఒద్దికగానే కూర్చుంటుంది. ఎంత మితభాషి అయినా ఆ పూటకి నాలుగు మాటలు కూడగట్టుకుని మాట్లాడేస్తాడు. అసలు సంగతి తెలిసేది పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి రెండు మూడు శుభకార్యాలకు వెళ్లొచ్చినప్పుడు. ఒకరు మండపం వదిలి రానంటారు. ఇంకొకరు భోజనం కాగానే చెప్పులు వెతుక్కుంటారు.

మొదటివారిని బహిర్ముఖులని, రెండోవారిని అంతర్ముఖులని అంటున్నాం. ఈ మాటలను వ్యాప్తిలోకి తెచ్చింది స్విట్జర్లండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్, 1921లో రాసిన పుస్తకంతో. మనుషులు రెండు గదుల్లో సర్దినట్టుగా ఉండరు, చాలామంది నడిమధ్యలోనే ఉంటారు. తేడా మాత్రం నిజమే. కొత్త మనుషులు, సందడి, కబుర్లు బహిర్ముఖులకు మరింత హుషారునిస్తాయి. అంతర్ముఖులకు అదే సందడి త్వరగా చాలనిపిస్తుంది. దీన్ని బిడియం అనుకోకూడదు. బిడియస్తులకు నలుగురిలోకి వెళ్లాలంటే భయం. అంతర్ముఖులకు భయమేమీ ఉండదు, కాసేపటికి ఇక చాలు అనిపిస్తుందంతే.

ఇలాంటి ఇద్దరు ఒక ఇంటివారైతే ఆ కాపురం బాగుంటుందా? ఒకరిలో లేనిది ఇంకొకరు పూడుస్తారు కాబట్టే విరుద్ధ స్వభావాలవాళ్లు జతకడతారని 1950లలో అమెరికా సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ వించ్ ప్రతిపాదించారు. వినడానికి బాగుంది కానీ, తర్వాత జరిగిన పరిశోధనలు దానికి పెద్దగా బలం చేకూర్చలేదు. అలాగని ‘ఇద్దరిదీ ఒకే స్వభావమైతేనే సుఖం’ అన్న మాటా నిలబడలేదు. ఆస్ట్రేలియా, బ్రిటన్, జర్మనీలలో 20 వేల మందికి పైగా దంపతుల వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, స్వభావాలు కలవడం వల్ల సంతృప్తిలో వచ్చే తేడా లెక్కకు అందీ అందనంత స్వల్పమని తేలింది. లోవెల్ కెల్లీ, జేమ్స్ కాన్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1930లలో నిశ్చితార్థం చేసుకున్న 300 జంటల సమాచారాన్ని 1980 దాకా సేకరించి విశ్లేషించారు. కాపురాలను గట్టిగా దెబ్బతీసిన వాటిలో ముందు కనిపించింది చిన్నదానికీ కలవరపడి, కుంగిపోయి, చిరాకుపడే గుణం. అది మాటకారుల్లోనూ ఉంటుంది, మౌనుల్లోనూ ఉంటుంది.

కాబట్టి ఈ తేడా వరమూ కాదు, శాపమూ కాదు. దాన్ని ఇంట్లో ఎలా వాడుకుంటున్నారన్నదే అసలు విషయం.

వాడుకోవడం తెలిసినవాళ్లకు లాభం కళ్లకు కనిపిస్తుంది. కొత్త ఊళ్లో కాపురం పెడితే పది రోజుల్లో పక్కింటివాళ్లు, పాలవాడు, పిల్లల బడి సంగతులు అన్నీ ఇంట్లోకి తెచ్చేది బహిర్ముఖులే. ఫ్లాటు కొనేటప్పుడు బిల్డరుతో మాటలు కలిపి ధర తగ్గించేది ఒకరైతే, రాత్రి కూర్చుని ఒప్పందం కాగితాలన్నీ చదివి, మూడో పేజీలో తేడా ఉందని చెప్పేది ఇంకొకరు. మాట్లాడుతూనే ఆలోచించేవారికి, ఆలోచించాకే మాట్లాడేవారు పక్కన ఉండటం మంచిదే. కానీ ఈ లాభం దానంతటది నిలవదు. డయేన్ ఫెల్మ్‌లీ అనే అమెరికా పరిశోధకురాలు కాలేజీ విద్యార్థులను రెండు ప్రశ్నలు అడిగారు: ఆ వ్యక్తిలో మొదట ఏం నచ్చింది, తర్వాత ఏం నచ్చలేదు? 1995లో ప్రచురించిన ఆ అధ్యయనంలో పదిమందిలో దాదాపు ముగ్గురికి, నచ్చిన గుణమే తర్వాత నచ్చని గుణమైంది. ‘ఎంత నెమ్మదో’ అన్నది ‘ఉలుకూ పలుకూ లేదు’గా, ‘ఎంత కలుపుగోలో’ అన్నది ‘ఇంటిపట్టున ఉండడు’గా మారిపోతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి ఒక జంటను ఊహించుకుందాం. నలభైకి దగ్గరపడిన భార్యాభర్తలు, ఉండేది హైదరాబాదులో. ఆయన బాబాయి కూతురి పెళ్లి విజయవాడలో. శనివారం ఉదయానికే చేరుకున్నారు. విడిదిలో ఒక్కో గదికి ఎనిమిదేసి మంది, స్నానానికి కూడా వరస. ఆయనకు అది పండగ. ఆవిడ శనివారమంతా నవ్వుతూనే తిరిగింది, అడిగినవారికల్లా పిల్లల చదువుల గురించి చెప్పింది. రాత్రి ముహూర్తం అయ్యేసరికి నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఆదివారం భోజనాలయ్యాక కారెక్కారు. ఆయన హుషారు ఇంకా దిగలేదు.

‘‘మేనత్త పలకరిస్తే రెండు ముక్కలు మాట్లాడి లేచిపోయావట?’’

‘‘మాట్లాడాను కదండీ.’’

‘‘ఏమన్నా కోపమా?’’

‘‘కోపమేం లేదు.’’

‘‘మరి ఆ మొహం ఏంటి?’’

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆయన గొంతు పెంచాడు. నందిగామ దాటేసరికి విషయం మేనత్త నుంచి ‘మావాళ్లంటే నీకు మొదటినుంచీ పడదు’ దాకా వచ్చింది. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు ఇద్దరూ చెరోపక్క నిలబడ్డారు.

ఒకరు అడిగేకొద్దీ ఇంకొకరు ముడుచుకుపోవడం, ముడుచుకున్నకొద్దీ వీరు ఇంకా గట్టిగా అడగడం: ఈ వలయాన్ని ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశీలించారు. అన్ని రకాల జంటల్లోనూ ఇది ఉంటుంది, బహిర్ముఖ, అంతర్ముఖ జంటలకు ఇందులో పడటం మరీ సులువు. ఇందులో తమాషా ఏమిటంటే, ఎవరి వైపు నుంచి చూస్తే వారిదే న్యాయం. ‘నువ్వు మాట్లాడవు కాబట్టే అడుగుతున్నా’ అంటాడు ఆయన. ‘మీరు ఆపరు కాబట్టే నోరు మూసుకున్నా’ అంటుంది ఆవిడ. ఆవిడ అలసటను ఆయన తనవాళ్ల మీద అయిష్టమనుకున్నాడు. ఆయన హుషారును ఆవిడ నిలదీత అనుకుంది. ఇద్దరూ పొరబడ్డారు.

ఇక్కడ మన ఇళ్లకే ప్రత్యేకమైన పక్షపాతం ఒకటి ఉంది. మాట్లాడని అల్లుణ్ని ‘నెమ్మదస్తుడు’ అంటాం. మాట్లాడని కోడల్ని ‘టెక్కు’ అంటాం. భార్య అంతర్ముఖురాలైన ఇళ్లలో భర్తకు ఆ మాటలు మోసుకొచ్చేవాళ్లు కూడా తోడవుతారు. అందుకే మేనత్త ఫిర్యాదు కారు కదలకముందే ఆయన చెవిన పడింది.

వలయం మొదలయ్యాక చేయదగిన పని ఒకటుంది. దంపతుల గొడవలను ప్రయోగశాలలో గమనించిన జాన్ గాట్‌మన్, వాదనలో గుండె నిమిషానికి వందకు మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటి మాట సరిగా బుర్రకెక్కదని, ఒళ్లు నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుందని చెబుతారు. ఆ కాసేపు వాదన ఆపాలి. కానీ ఆపే పద్ధతి ముఖ్యం. ‘నన్నొదిలెయ్’ అని తలుపేసుకుంటే బహిర్ముఖులకు అది తిరస్కారంగా తగులుతుంది. ‘ఇప్పుడు చేతకాదండీ, టీ తాగాక మాట్లాడదాం’ అంటే అది గడువు. గడువు పెట్టినవారే తిరిగి మాట ఎత్తాలి. అలా ఎత్తకపోతే, రెండోసారి గడువు అడిగినప్పుడు ఎదుటివారు నమ్మరు.

అంతకన్నా మంచిది బయల్దేరకముందే మాట్లాడుకోవడం. బ్రయన్ లిటిల్ అనే కెనడా ప్రొఫెసర్ పాఠం చెబితే తరగతి హోరెత్తేది, కానీ ఆయన పక్కా అంతర్ముఖుడు. ఒక సైనిక కళాశాలలో ఉదయం ఉపన్యాసం అయ్యాక అధికారులు భోజనానికి పిలిస్తే, పడవల నమూనాలంటే సరదా అని సాకు చెప్పి నది ఒడ్డుకు నడిచిపోయేవారట. నది దగ్గర లేని చోట స్నానాలగదిలో దాక్కునేవారు. ఇష్టమైన మనుషుల కోసం, పని కోసం మనం స్వభావానికి ఎదురు నడవగలమని, నడిచాక తేరుకోవడానికి చోటు ఉండాలని ఆయన సిద్ధాంతం. ఆ చోటు గురించి దంపతులు ముందే ఒప్పందం చేసుకోవాలంటారు.

మన జంట విషయంలో ఆ ఒప్పందం ఇలా ఉండొచ్చు. ఆవిడ రెండు వందల మందినీ పలకరించనక్కర్లేదు; మేనత్త దగ్గర మాత్రం అరగంట కూర్చుంటుంది. ఒకరితో ఒకరుగా కూర్చుని మాట్లాడటం అంతర్ముఖులకు బాగా వచ్చిన పనే. విడిదికి బదులు దగ్గర్లో ఒక లాడ్జి గది తీసుకుంటారు, మధ్యాహ్నం ఆవిడ గంట సేపు అక్కడికి వెళ్లొస్తుంది. ఎవరైనా అడిగితే ఆయన ‘కాసేపు నడుం వాల్చింది’ అని ఊరుకుంటాడు. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాకా పాటలే, ఆ తర్వాత ఆయన పెళ్లి కబుర్లన్నీ ఆవిడ వింటుంది. బదులుగా నెలకో ఆదివారం ఆయన స్నేహితులు ఇంటికొస్తారు. మొదటి రెండు గంటలు ఆవిడ కూర్చుంటుంది, ఆ తర్వాత ఆవిడ లోపలికి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. మిగతా రోజుల్లో ఆయన ఒక్కడే బయటికి వెళ్లొచ్చు, వచ్చాక ఇంట్లో మూతి ముడుపులు ఉండవు.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఆయన పదిమందిలో నవ్వుతూ ‘మా ఆవిడకు జనం పడరులెండి’ అన్నాడంటే ఒప్పందం ఆ క్షణానే పోయినట్టు. ఆవిడ వస్తానని చీర కట్టుకున్నాక గుమ్మంలో తలనొప్పి అందంటే అదీ అంతే. ప్రతి ఫంక్షనుకీ ముందు తలనొప్పి వస్తుంటే, మొదట్లోనే రానని చెప్పే చనువు ఆ ఇంట్లో లేదన్నమాట.

మౌనాలన్నీ అంతర్ముఖత్వం కావు. విశ్రాంతి కోసం పక్కకు వెళ్లినవారు కొన్ని గంటల్లో తిరిగొచ్చి మామూలుగా ఉంటారు. రోజుల తరబడి ఇంట్లో మాట్లాడకుండా ఫోనులో మిగతా అందరితో నవ్వుతూ మాట్లాడుతుంటే అది శిక్ష. అలాగే ‘నాకు నచ్చదు కాబట్టి నువ్వూ ఎక్కడికీ వెళ్లొద్దు’ అనడం స్వభావం కాదు, పెత్తనం. వీటికి ఒప్పందాలు సరిపోవు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి.

సర్దుకుపోయిన జంటల్లోనూ ఒక చిక్కు మెల్లగా పెరుగుతుంది. బంధువులతో ఫోన్లు, పలకరింపులు, ఆహ్వానాలు అన్నీ బహిర్ముఖులే చూసుకోవడంతో రెండోవారికి ఆ అలవాటే తప్పిపోతుంది. ముప్పై ఏళ్లు గడిచాక ఆ మాటకారికి జబ్బు చేసినా, కాలం చేసినా, మిగిలినవారికి నేరుగా ఫోన్ చేసి మాట్లాడే మనిషి ఒక్కరూ ఉండరు. ఊరంతా తెలిసినా, మనసులో మాట చెప్పుకునేది మాత్రం భార్యకో, భర్తకో ఒక్కరికే అయిన బహిర్ముఖుల పరిస్థితీ అంతకన్నా మెరుగేం కాదు. అందుకని మీ ఇంట్లో పలకరింపులన్నీ ఎదుటివారి పనే అయితే, ఈ వారం ఒక్క ఫోనైనా మీరే చేయండి. మాటలన్నీ మీవే అయితే, ఆ ఫోన్ అయ్యేదాకా పక్కనుంచి అందించకండి.