స్కాన్‌లో లేని మచ్చ

సీటీ స్కాన్ అయ్యాక డయాగ్నోస్టిక్ సెంటర్ వాళ్లు ఒక పెద్ద కవరు చేతికిస్తారు. అందులో నల్లటి ఫిల్ములు, రిపోర్టు, కొన్నిచోట్ల ఒక సీడీ ఉంటాయి. ఇంటికి రాగానే ఒకరు ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటే, ఇంకొకరు ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఆ ఫొటో వాట్సాప్‌లో హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న బంధువుల డాక్టరుకు వెళుతుంది. ‘సరిగ్గా కనపడటం లేదు, కాస్త క్లియర్‌గా ఉన్నది పంపండి’ అని అటునుంచి జవాబు. అప్పుడు ఇంట్లో కుర్రాడు ఆ ఫొటోను బొమ్మలు గీసే ఏఐ యాప్‌లో పెట్టి, మసక తీసేయమంటాడు. నిమిషం తిరగకుండానే తళతళలాడే బొమ్మ తయారవుతుంది.

ఆ బొమ్మను చూసి రోగం గురించి ఒక్క మాట కూడా చెప్పడానికి వీల్లేదు.

ఎందుకో తెలియాలంటే సీటీ స్కాన్ అంటే ఏమిటో చూడాలి. అది చూడటానికి ఫొటోలా ఉన్నా, నిజానికి కొలతల పట్టిక. ఛాతీని అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో చిత్రంలో మామూలుగా అడ్డం 512, నిలువు 512 గళ్లు ఉంటాయి. అక్కడి కణజాలం ఎక్స్‌రేను ఎంత అడ్డుకుందో ఒక్కో గడిలోని సంఖ్య చెబుతుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, కొవ్వుకు దాదాపు మైనస్ 100, ఎముకకు వందల్లో. సీటీ యంత్రాన్ని రూపొందించి 1979లో నోబెల్ అందుకున్న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరే ఈ కొలమానానికి పెట్టారు. రేడియాలజిస్టు చూసేది ఈ సంఖ్యలనే. ఫిల్ము మీదికి, అక్కడి నుంచి ఫోన్ ఫొటోలోకి వచ్చేసరికి వాటిలో చాలా భాగం పోతుంది. పోయినదాన్ని ఆ ఫొటో లోంచి ఏ యాప్ కూడా తిరిగి తేలేదు. ఆ ఖాళీలో తను ఊహించింది గీసి పెడుతుంది, అంతే.

ఒక లెక్క వేసి చూద్దాం. స్కాన్‌లో పట్టిన వెడల్పు 35 సెంటీమీటర్లు అనుకుంటే, 512 గళ్లకు పంచితే ఒక్కో గడి సుమారు 0.7 మిల్లీమీటర్లు. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి బొమ్మల ఏఐ, ఇచ్చిన చిత్రాన్ని ఉన్నదున్నట్టుగా దిద్దదు. ముందు దాన్ని కుదిస్తుంది. తొలి రకాల్లో 8 గళ్ల వెడల్పు, 8 గళ్ల ఎత్తు ఉన్న ఒక్కో ముక్క నాలుగు సంఖ్యల్లోకి కుదురుతుంది. ఆ కుదింపు నుంచి బొమ్మనంతా కొత్తగా గీస్తుంది. శరీరంలో ఆ ముక్క వెడల్పు ఎంత? ఎనిమిది గళ్లంటే ఐదున్నర మిల్లీమీటర్లు.

ఇప్పుడు డాక్టర్ల లెక్క చూడండి. ఊపిరితిత్తిలో కనిపించే చిన్న బొడిపెను నాడ్యూల్ అంటారు. ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం, క్యాన్సర్ ముప్పు తక్కువగా ఉన్న మనిషికి గట్టి నాడ్యూల్ 6 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే మామూలుగా మళ్లీ స్కాన్ అక్కర్లేదు. ఒకే ఒక్కటి ఉండి 6 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య అయితే 6 నుంచి 12 నెలల్లో మళ్లీ సీటీ తీయాలి. అంటే రోగిని ఇంటికి పంపాలా, మళ్లీ పిలవాలా అని తేల్చే సరిహద్దు, ఏఐ నాలుగు సంఖ్యల్లోకి కుక్కేసిన ముక్క పరిమాణంలోనే ఉంది. పైగా ఇది ఒక్క చిత్రాన్నే పూర్తి సైజులో ఇచ్చినప్పటి మాట. ఒక ఫిల్ము మీద పదీ ఇరవై చిత్రాలు అచ్చయి ఉంటాయి. ఫొటోలో ఒక్కోదానికి దక్కే చోటు ఇంకా తక్కువ. అక్కడ ఉన్న నాడ్యూల్ చెరిగిపోవచ్చు, రక్తనాళం చివర గుండ్రంగా తేలి నాడ్యూల్‌లా కనిపించవచ్చు.

ఇలా జరుగుతుందని 2018లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు. మెదడు ఎంఆర్ఐలో ఒక రకం చిత్రాన్ని మరో రకంగా మార్చే ఏఐని వాళ్లు పరీక్షించారు. ఆరోగ్యవంతుల చిత్రాలనే నమూనాగా నేర్పితే, అది రోగి మెదడులో ఉన్న కణితిని తీసేసింది. కణితులున్న చిత్రాలు నేర్పితే, లేనిచోట కణితి పెట్టింది. దాన్ని ఎవరూ అబద్ధం చెప్పమనలేదు. తను నేర్చుకున్న బొమ్మల్లో మామూలుగా ఏముంటుందో అదే ఇక్కడా గీసింది. ఎదుట ఉన్నది ఫలానా మనిషి మెదడు అన్న సంగతి దానికి లెక్కలేదు.

నిపుణులు చూస్తే దొరికిపోతుంది కదా అనుకోవచ్చు. 2019లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్లు అదీ పరీక్షించారు. ఊపిరితిత్తుల సీటీల్లో ఏఐతో క్యాన్సర్ గడ్డలను కలిపి, కొన్నింట్లో తీసేసి, ముగ్గురు రేడియాలజిస్టులకు ఇచ్చారు. కలిపిన గడ్డలను 99 శాతం సార్లు నిజమైన క్యాన్సర్ అన్నారు. తీసేసినచోట 94 శాతం సార్లు ఆరోగ్యంగా ఉందన్నారు. కొన్నింటిని మార్చామని ముందే చెప్పి మరికొన్ని చూపించినా, కలిపిన వాటిలో 60 శాతం, తీసేసిన వాటిలో 87 శాతం సార్లు మోసపోయారు. అది కావాలని, స్కాన్లతోనే నేర్పిన ఏఐతో చేసిన పని. మన ఇళ్లలో జరిగేది అమాయకంగా జరిగేదే. కానీ నమ్మించే బొమ్మ ముందు కంటి అనుభవం ఎంతవరకు పనికొస్తుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

ఆసుపత్రి యంత్రాల్లోనూ ఏఐ ఉంటుంది కదా అన్న ప్రశ్న సహజం. అది యంత్రం అందుకున్న అసలు సంకేతాలతో పనిచేస్తుంది, దాన్ని పరీక్షించాకే వాడతారు. అయినా అక్కడా జాగ్రత్త తప్పదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ కలిసి 2020లో నిర్వహించిన ఎంఆర్ఐ పోటీలో, తక్కువ సంకేతాలతో ఏఐ తయారుచేసిన కొన్ని చిత్రాల్లో లేని వివరాలు పుట్టుకొచ్చాయని రేడియాలజిస్టులు గుర్తించారు.

మార్చిన బొమ్మను పోల్చుకోవడానికి ఒక ఆనవాలు ఉంది. ఫిల్ము మూలల్లో పేరు, తేదీ, ఎడమ కుడి గుర్తులు ఉంటాయి. ఏఐ గీసినప్పుడు ఈ అక్షరాలు తరచు వంకరపోతాయి, అంకెలు మారతాయి. కానీ అక్షరాలు బాగున్నంత మాత్రాన లోపలి బొమ్మ నిజమని అర్థం కాదు. డాక్టర్లు అనుమానం తీర్చుకునే పద్ధతి వేరు. చిత్రాలను వరసగా ఒకదాని తర్వాత ఒకటి కదిలిస్తూ చూస్తారు. రక్తనాళమైతే పక్క చిత్రాల్లోకి గొట్టంలా సాగుతుంది, నాడ్యూల్ అయితే కొన్ని చిత్రాల్లో కనిపించి ఆగిపోతుంది. ఒంటరి బొమ్మతో ఈ పరీక్ష కుదరదు.

కాబట్టి స్కాన్ చేయించినప్పుడే సీడీ గానీ, ఆన్‌లైన్ లింకు గానీ అడిగి తీసుకోండి. అందులో డైకామ్ అనే రకం ఫైళ్లు వందల్లో ఉంటాయి. డాక్టరు తన కంప్యూటర్‌లో వాటి వెలుగునీడలు మార్చి ఊపిరితిత్తిని ఒకలా, ఎముకను ఒకలా చూసుకోగలరు. అలా మార్చినా కింద ఉన్న సంఖ్యలు చెక్కుచెదరవు. ఫిల్ము ఫొటోయే గతి అయితే, కంప్యూటర్ తెరను పూర్తి తెల్లగా పెట్టి ఫిల్మును దాని ముందు ఉంచండి. ఫ్లాష్ ఆపి ఒక్కో చిత్రాన్ని దగ్గరగా తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, రిపోర్టూ జత చేయండి. మసకగా ఉన్న ఫొటో చూసి డాక్టరు ‘తెలియడం లేదు’ అంటే, ఆ జవాబు నిజాయితీ అయినదే. ఏఐతో మెరుగుపెట్టిన బొమ్మను ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, ఆ సంగతి వెంటనే చెప్పి అసలు ఫిల్ము చూపించండి.